బండల మీది నంబరు

బేతమంగళ నుంచి ముళబాగిలు మీదుగా బైరకూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఊళ్ల బోర్డులు చదవడం కంటే ముందు బండలు చదవడం అలవాటవుతుంది. కోలారు జిల్లాలో బండలకు కరువు లేదు, ఉన్న కరువంతా నీళ్లకే. ఒకప్పుడు రాజులు తమ ఆజ్ఞలను బండల మీద చెక్కించేవారు. తరువాత రాజులు పోయారు, బండలు మిగిలాయి, వాటి మీదికి మొలల మందులూ, ప్రభువు రాకడ సమీపమన్న హెచ్చరికలూ, బోర్లు వేసే లారీల నంబర్లూ ఎక్కాయి. శాసనం చెక్కినవాడికీ సున్నంతో రాసినవాడికీ ఆశ ఒక్కటే. దారిన పోయేవాడు నమ్మాలి.

వాటి మధ్యన కొన్ని బండల మీద పైన కన్నడంలో, కింద తెలుగులో తెల్లటి లావుపాటి అక్షరాలు కనబడతాయి. ‘బోరులో పడిన మోటారు ఎత్తబడును. ఆర్థర్.’ దాని కింద పది అంకెలు. వాటి వంకర చూస్తే పెయింటరు రాసినవి కావని తెలుస్తుంది. ఆర్థర్ తానే నిచ్చెన వేసుకుని రాసుకున్నాడు.

బోరు గురించి తెలియనివాళ్లకు ఒక మాట. ఇక్కడ నీళ్లు వెయ్యి అడుగులు దాటితే గానీ పలకవు. అంత లోతున మోటారు వేలాడుతుంటుంది. పైపు తెగి అది లోపలికి జారిపోతే రైతు చెయ్యి విరిగినట్టే. ఆర్థర్ మూడు కాళ్ల ఇనప స్టాండు నిలబెట్టి, చైను పుల్లీ తగిలించి, కంటికి కనబడని లోతులోకి కొక్కెం దించి, తాడు మీది చేతితోనే మోటారును వెతికి, పట్టుకుని, పైకి తెస్తాడు. కొందరు దాన్ని మంత్రం అనుకుంటారు. అది మంత్రం కాదు, మైనింగు. కె.జి.ఎఫ్. బంగారు గనిలో అతను షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, నోటి దగ్గర గంట కొట్టే పని చేశాడు. కిందినుంచి గంట మోగుతుంది, పైవాడు అందుకుంటాడు, ఇంజిను తిప్పేవాడికి అందిస్తాడు. మనుషుల్ని దించే ఇనప బోను, కేజ్, కదులుతుండగా ఒక్క గంట మోగిందంటే ఆపెయ్యాలి. ఎందుకు, ఎవరు అని అడగడం ఉండదు. అడుగుతూ కూర్చుంటే కింద ఎవడి కాలో ఇరుక్కుని ఉంటుంది.

“గంట కొట్టిందెవరని అడిగేవాడు గనిలో బతకడు సార్, పక్కోణ్ణి బతకనీడు,” అనేవాడు ఆర్థర్ నాతో. ఆ మాట అతను గర్వంగానే చెప్పేవాడు. అదే అలవాటు ఒకరోజు తనను ఏ పాతాళంలోకి దించుతుందో అప్పటికి తెలియదు.

గని మూతపడ్డాక ఇల్లు మిగిలింది, కాగితం మిగలలేదు. మైనింగు లైన్లలోని ఇళ్లు కంపెనీవి. తండ్రి చిత్తూరు వైపునుంచి వచ్చి, ఆ గదుల్లోనే పిల్లల్ని కని, ఆ గదుల్లోనే పోయాడు. అయినా గోడ ఎవరిదంటే ఆర్థర్ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మొబైల్ ఫోన్లు చవకై అందరి చేతుల్లోకీ వస్తున్న రోజుల్లో అతను సిమ్ కోసం తిరిగిన అంగళ్లన్నీ చిరునామా రుజువు అడిగాయి.

అప్పుడు అతను బైరకూరు దగ్గర ఓబలప్ప అనే రైతు బోరులోంచి మోటారు ఎత్తి ఇచ్చాడు. అది అతను ఎత్తిన మొదటి మోటారు. ఇద్దరు మేస్త్రీలు చేతులెత్తేసిన బోరు అది. మోటారు పైకి వచ్చినప్పుడు ఓబలప్ప దానికి పసుపు పెట్టి, ఆర్థర్‌ని ఇంటికి పిలిచి రాగి ముద్ద పెట్టాడు.

“నీకు ఫోను లేకపోతే రేపు నా మోటారు మళ్లీ పడితే నిన్ను యాడ వెతికేదప్పా?”

“అడ్రసుకు కాగితం లేదన్నా.”

“నీ ఇంటికి కాగితం లేదు. నా చేనికి ఉండాది కదా. పద.”

ఇద్దరూ ముళబాగిలు పోయారు. ఓబలప్ప పేరు మీద సిమ్ వచ్చింది, ఆర్థర్ జేబులోకి చేరింది. ఆ సాయంత్రమే ఓబలప్ప తన చేని గట్టున ఉన్న పెద్ద బండ చూపించి, మొదట అక్కడ రాయమన్నాడు. ఆ తరువాత ఆవని దారిలో, బేతమంగళ కట్ట కింద, ఎక్కడ బండ ఖాళీగా కనిపిస్తే అక్కడ ఆ నంబరు ఎక్కింది. రైతుల ఫోన్లలో అది ‘మోటారు ఆర్థర్’. ఊరికొక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, అందులో అతన్ని చేర్చుకున్నారు. సిమ్ మీది పేరు మార్చుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఇన్నేళ్లుగా పనిచేస్తున్న దాన్ని ఎవరు విప్పి చూస్తారు?

ఒక ఉదయం ఆర్థర్ వాకిట్లో కూర్చుని చైనుకి గ్రీసు పూస్తున్నాడు. అతని భార్య లూర్దమ్మ చర్చిలో పువ్వులు సర్దడానికి పోయింది. ఫోను మోగింది. యంత్రపు గొంతు ముందు ఇంగ్లీషులో, తరువాత హిందీలో, చివర కన్నడంలో చెప్పింది. ఇది టెలికాం శాఖ. గుర్తింపు సరిచూడనందువల్ల మీ నంబరు ఈరోజే రద్దవుతుంది. అధికారితో మాట్లాడటానికి తొమ్మిది నొక్కండి.

గ్రీసు చేత్తోనే ఆర్థర్ తొమ్మిది నొక్కాడు. గంట మోగింది, చెయ్యి కదిలింది.

అధికారి తెలుగువాడే. మెత్తటి, పుస్తకంలాంటి తెలుగు. “నమస్కారమండీ. మీ పేరు చెప్పండి సార్,” అన్నాడు. ఈ దేశంలో ఏ ఆఫీసు గుమ్మమూ ఆర్థర్‌ని అంత మర్యాదగా పలకరించలేదు. నిజమైన ఆఫీసు అలా మాట్లాడదన్న అనుమానం అక్కడే రావలసింది. మర్యాద దొరకని మనిషికి మర్యాద మీద అనుమానం ఎలా వస్తుంది?

“ఆర్థర్ సార్.”

“ఈ నంబరు మీ పేరు మీదే ఉందా?”

వేరే ఎవరైనా ఔననేసేవారు. ఆర్థర్‌కి ఆఫీసులతో అబద్ధం చెప్పడం చేతకాదు.

“లేదు సార్. ఓబలప్పన్న పేరు మీద ఉండాది. బైరకూరు.”

అవతలివాడి వల బహుశా అందరికీ ఒక్కటే. చేప తనంతట తానే ముడి చూపించింది.

“ఇది చాలా పెద్ద విషయమండీ. మరొకరి పేరుతో నంబరు వాడటం నేరం. ఈ నంబరు మీద ముంబైలో ఫిర్యాదులున్నాయి. మిమ్మల్ని వదిలేస్తాం, మీరు పేదవారు. కానీ సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆయన్ని అరెస్టు చేయాల్సి వస్తుంది.”

“అయ్యో, ఆయనకేమీ తెలియదు సార్! నాకు సాయం చేసినాడంతే.”

“అయితే ఆయన్ని కాపాడటం మీ చేతిలో ఉంది. ఇప్పుడే మీ పేరుకు మార్చేస్తాను. మీకొక మెసేజీ వస్తుంది, అందులో ఆరు అంకెలు ఉంటాయి. చదవండి.”

మెసేజీ వచ్చింది. ఆ అంకెలతో పాటు ఇంగ్లీషులో, ఇవి ఎవరికీ చెప్పవద్దు అని కూడా ఉంది. ఆర్థర్‌కి కన్నడం, తెలుగు, కొంత అరవం చదవడం వచ్చు. ఇంగ్లీషులో అంకెలే వచ్చు. అంకెలే చదివాడు.

“మంచిది. ఇక సాయంత్రం ఆరు దాకా ఫోను ఆపేసి ఉంచండి. మధ్యలో ఆన్ చేస్తే పని చెడుతుంది. ఓబలప్ప గారికి మాత్రం చెప్పకండి. చెబితే ఆయనకు తెలిసే జరిగిందని కేసు రాయాల్సి వస్తుంది. అర్థమైందా?”

“అర్థమైంది సార్. దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు.”

ఆ దీవెన సంగతి అతను తరువాత చాలాసార్లు తలుచుకున్నాడు. పోయినవాటన్నిటిలోనూ ఎక్కువ మండించింది ఆ దీవెనేనట.

ఫోను ఆపి బీరువాలో పెట్టాడు. ఆ ఆరు అంకెలు దేనివంటే, అతని నంబరు మీద వాట్సాప్‌ని ఇంకొక ఫోనులో తెరవడానికి వచ్చినవి. అతను ఫోను ఆపేటప్పటికే అతని వాట్సాప్ ఎక్కడో, ఎవడి చేతిలోనో తెరుచుకుంది. అతనున్న గ్రూపులన్నీ వాడికి కనబడ్డాయి. అన్ని ఊళ్ల రైతులకూ ‘మోటారు ఆర్థర్’ నుంచి ఒకే మాట వెళ్లింది. ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటు ఆపరేషను, కింద ఇచ్చిన వేరే నంబరుకు డబ్బు పంపండి, మళ్లీ ఇస్తాను. అనుమానం వచ్చినవాళ్లు అతనికి ఫోన్ చేశారు. స్విచాఫ్. ఆసుపత్రిలో ఉన్నవాడి ఫోను ఆపి ఉండటంలో వింతేముంది? పని ముగియక ముందు ఏనాడూ అడ్వాన్సు అడగని మనిషి అడిగాడు. అది చాలు, చాలామంది పంపారు.

ఓబలప్ప కూడా కోడలి చేత పంపించాడు. పంపి ఊరుకోలేదు. పాలు కాచి ఫ్లాస్కులో పోయించుకుని, బ్రెడ్డు కొనుక్కుని, రెండు బస్సులు మారి కె.జి.ఎఫ్.కి వచ్చాడు. పెద్దాసుపత్రిలో మగవాళ్ల వార్డులన్నీ మంచం మంచం చూశాడు. పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రిలో అడిగాడు. చివరికి, మనిషి పోయుంటే ఇంటికి తెచ్చుంటారని, మైనింగు లైను వైపు నడిచాడు.

వాకిట్లో ఆర్థర్ చారన్నం తింటున్నాడు.

ఓబలప్ప ఫ్లాస్కు గుండెకు పట్టుకుని నిలబడిపోయాడు. తరువాత నవ్వాడు. “ఒరే అప్పా! బతికే ఉండావా నువ్వు! నా సగం ప్రాణం పోయింది కదరా.”

ఆర్థర్ ముఖం తెల్లబడింది. అతనికి తట్టింది ఒక్కటే. పోలీసులు అప్పుడే ఓబలప్ప దాకా వచ్చేశారు.

“ఏమన్నా, ఇంత దూరం వచ్చినావు?”

“ఏమంటావేమప్పా! నీకు బాగలేదంటే రాకుండా ఎట్లుంటా?”

“నాకేం? నాకు బాగలేదని ఎవరు చెప్పినారు?”

ఓబలప్ప నవ్వు అక్కడ ఆగింది. రాసినవాడే ఎవరు చెప్పారని అడుగుతున్నాడు. జబ్బుపడ్డవాడికి ఇచ్చిన డబ్బు గురించి ఎదుట నోరెత్తడం ఆ ఇళ్లలో మర్యాద కాదు, అందుకని ఆ మాట అనలేదు. అరుగు మీద కూర్చుని, బ్రెడ్డు పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు.

“ఫోను యాడ?”

“పాడైంది.”

“తే, చూస్తా. మా వాడు రిపేరి నేర్చినాడు, ఇస్తా వానికి.”

గుమ్మం పక్కనున్న బీరువా తలుపు తెరిచే ఉంది, ఫోను కనబడుతోంది. ఓబలప్ప లేచి లోపలికి చెయ్యి చాచి, ఫోను తీసి, మీట నొక్కబోయాడు. ఆర్థర్ ఎంగిలి చేత్తోనే లేచి లాక్కున్నాడు.

“వద్దన్నా! ఆన్ చేయొద్దు!”

ఇద్దరి మధ్యా చారు మరకలు పడ్డాయి. ఓబలప్ప తన చేతిని చూసుకున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు.

“పాడైందంటివి కదప్పా.”

చెబితే ఓబలప్ప జైలుకి పోతాడు. చెప్పకపోతే ఇదిగో, ఎదురుగా ఇలా చూస్తాడు. అతను రెండోదాన్ని ఎంచుకున్నాడు.

అప్పుడే లూర్దమ్మ వచ్చింది. “అన్నా, ఎప్పుడొస్తిరి? కాపీ పెడతానుండండి.”

“వద్దమ్మా. బస్సుంది.”

“ఇంగ బస్సేమి, కూర్చోండి!”

“సాకమ్మా, సాకు,” అని చాలన్నట్టు చెయ్యి ఊపి ఓబలప్ప లేచాడు. ఫ్లాస్కు తీసుకోలేదు, బ్రెడ్డు తీసుకోలేదు. ఆయన చెప్పులు వేసుకోవడం ఆర్థర్ చూస్తూ కూర్చున్నాడు. ఆర్థర్ ముఖం మనిషిని కాపాడుతున్నాననుకున్న వాడి ముఖంలా లేదు, దొంగ ముఖంలా ఉంది. లూర్దమ్మ తరువాత ఆ మాటే అంది.

ఆరు కొట్టగానే ఫోను ఆన్ చేశాడు. వాట్సాప్ తెరుచుకోలేదు. మీ నంబరు వేరే ఫోనులో నమోదైందని ఏదో చూపించింది. ఆ వెంటనే కాల్స్ మొదలయ్యాయి. ఆవని నుంచి ఒకరు, ఎలా ఉందని. బేతమంగళ నుంచి ఒకరు, డబ్బు అందిందా అని. మూడో మనిషి తిట్టాడు. ఆర్థర్‌కి ఇంకా అర్థం కాలేదు. లూర్దమ్మ అతని చెయ్యి పట్టుకుని రాబర్ట్‌సన్‌పేటలో మొబైలు అంగడికి లాక్కుపోయింది. అంగడి వీణ అనే అమ్మాయిది. వీణ అంతా విని నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

“టెలికాం వాళ్లు ఎవరి ఫోనుకీ చేసి నంబరు కట్ చేస్తామనరు అంకుల్. తొమ్మిది నొక్కమనరు. అంకెలు అడగరు. మీరు వాట్సాప్ తాళం తీసి వాడి చేతికిచ్చినారు.”

ఆమె వాట్సాప్‌ని మళ్లీ ఆర్థర్ ఫోనులోనే నమోదు చేయించింది. కొత్త అంకెలు కొట్టగానే అవతలివాడి ఫోనులో అది మూసుకుపోయింది. కానీ వాడు లోపల తన పిన్ ఒకటి పెట్టి పోయాడు. అది తెలియకుండా గ్రూపులు తెరవాలంటే వారం ఆగాలి. తరువాత ఆమె సైబరు మోసాలు చెప్పుకునే 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించింది. డబ్బు పంపిన ప్రతి ఒక్కరూ అదే నంబరుకు చెప్పుకోవాలంది.

“పొద్దున్నే చెప్పుంటే డబ్బు దారిలో యాడో ఒకచోట ఆపేవాళ్లు. ఫోను ఆపమన్నది అందుకే అంకుల్. మీరు ఎవరికీ దొరకకూడదని.”

“సాయంత్రం దాకా అన్నాడమ్మా. పేరు మారుస్తానన్నాడు.”

“ఎవరి పేరు?”

ఆర్థర్ అంగడి మెట్ల మీద కూలబడ్డాడు. ఓబలప్పన్న ఎందుకు వచ్చాడో, బ్రెడ్డు ఎందుకు తెచ్చాడో అప్పుడు అర్థమైంది.

వెంటనే ఫోన్ చేశాడు. ఓబలప్ప ఎత్తలేదు. మరునాడూ ఎత్తలేదు.

మోసగాళ్లు చెప్పిన అబద్ధాల్లో ఒకటి నిజమైంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల ఫిర్యాదులు వెళ్లాక పోలీసులు ఆ నంబరు ఎవరిదని చూశారు. కాగితం మీద ఓబలప్ప. పిలిపించారు. వాళ్లు ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ కూడా వేశారట. మీ పేరు మీదున్న నంబరుకు జవాబు చెప్పవలసింది మీరే, నిజంగా వాడేవాడి పేరుకు మార్చుకోండి లేదా మూసేయండి అని బుద్ధి చెప్పి పంపారు. కానీ బైరకూరులో ఓబలప్ప స్టేషనుకి పోయాడన్న మాట ఆయన బస్సు దిగేలోపే దిగింది. ఆయన బర్రెల్ని తోలుకుపోతుంటే ఒకడు, “ఏమప్పా, ఆపరేషను బాగా జరిగెనా?” అని నవ్వాడు.

ఆ వారంలోనే ఆయన నంబరు సంగతి తేల్చుకోవడానికి వీణ అంగడికి వచ్చాడు. ముందే కబురు తెలిసి ఆర్థర్ అక్కడ నిలబడి ఉన్నాడు. పట్టుచొక్కా వేసుకున్నాడు, పెళ్లికి వచ్చినవాడిలా.

“అన్నా, తప్పైంది. వాడు నిన్ను పట్టుకుపోతానన్నాడు. అందుకే నీకు చెప్పలేదు. నిన్ను కాపాడాలనే.”

ఓబలప్ప చాలాసేపు వీణ గాజు పెట్టెలోని ఫోను కవర్లు చూశాడు.

“ఫోను చేసినవాడెవడో నాకు తెలీదు. మోసం చేయడం వాని పని, వాని కసుబు, చేసినాడు. వాని మీద నాకు కోపమే లేదు. నువ్వు నా ముఖం చూస్తా అబద్ధం చెప్తివే, అదీ.”

“భయమన్నా.”

“దేనికి భయం? నా దగ్గరికి పోలీసు వస్తే నేనేమంటాననుకుంటివి? ‘ఔను సామీ, వానికి ఇంటి కాగితం లేదు, నేనే ఇప్పిచ్చినా’ అని చెప్పేవాణ్ణి కదా. మొన్న అదే చెప్పొచ్చినా. నేను ఆ మాట అనలేనని నువ్వు అనుకుంటివి. అంతే కదా, ఆర్థరూ?”

పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్లలో అప్పా అనే పిలిచేవాడు.

వీణ మధ్యలో కలగజేసుకుంది. “పెద్దాయనా, పేరు మార్చే దారి ఉండాది. ఇద్దరూ ఆధార్ తీసుకుని సిమ్ కంపెనీ ఆఫీసుకి పోతే అంకుల్ పేరుకు మారుతుంది. నంబరు అట్లే ఉంటుంది.”

ఆర్థర్ ఆధార్ కార్డు అప్పటికే చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు అందులో చిరునామా ఉంది, మైనింగు లైను, ఇంటి నంబరుతో సహా.

“పేరు మారిస్తే నంబరు ఉంటుందా?” అన్నాడు ఓబలప్ప.

“ఉంటుంది.”

“ఊళ్లో ఆ నంబరు చూస్తే ఇప్పుడు నవ్వుతారమ్మా. నా పేరు మీద నవ్వు వద్దు నాకు. మూసేయి.”

“నేను మూసేది కాదు పెద్దాయనా. కంపెనీ ఆఫీసులో మీరే చెప్పాల.”

“చెప్తా.”

ఆయన చెప్పాడు. కంపెనీ ఆఫీసులో వేలిముద్ర పెట్టి, తన పేరు మీదున్న నంబరు తనకు వద్దన్నాడు. ఆర్థర్ బయట చెట్టు కింద నిలబడి ఉన్నాడు. జేబులోని ఫోనులో సిగ్నలు గీతలు పోవడం చూడాలనుకున్నాడట, కానీ చూడలేకపోయాడు. ఈరోజే మీ నంబరు రద్దవుతుందన్న ఆ యంత్రపు గొంతు కొన్ని రోజులు ఆలస్యంగా, ఓబలప్ప వేలితో తన మాట నిలబెట్టుకుంది.

ఆర్థర్‌కి ఇప్పుడు కొత్త నంబరు ఉంది, తన పేరు మీదే. ఎండలు ముదిరాక బేతమంగళ కట్ట కింద అతను నిచ్చెన మీద ఉన్నాడు, సున్నపు డబ్బా నడుముకు కట్టుకుని. పాత అంకెల మీద మట్టి రంగు పూసి, ఆరాక కొత్తవి రాస్తాడు. రోజుకొక బండ. పని పలచబడింది. కొన్ని ఊళ్లలో మోటారు పడినా అతన్ని పిలవడం లేదు, పిలిచినవాళ్లు ముందు గుర్తింపు చూపించమంటున్నారు. అతను చూపిస్తున్నాడు.

అలా రాసుకుంటూ ఆవని దాటి బైరకూరు దాకా వచ్చాడు. ఓబలప్ప చేని గట్టున పెద్ద బండ ఒక్కటే మిగిలింది. మొట్టమొదట రాసిన బండ. సున్నం అక్కడక్కడా రాలినా పది అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. ఆర్థర్ రోడ్డు మీద నిచ్చెన దించి, దాని వైపు చూస్తూ బీడీ కాల్చాడు. చేనిలో మోటారు నడుస్తోంది. అతను ఎత్తిన మోటారే, చప్పుడు పట్టి చెప్పగలడు.

“ఇది కూడా చెరిపేస్తే పోదా?” అని పక్కన బస్సు కోసం నిలబడ్డ నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

“ఆయన బండ సార్ అది. ఆయన్ని అడగాల.”

“అడుగు మరి.”

నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. “గంట కొడితే ఎవరని అడగకుండా కదిలినా కదా సార్,” అన్నాడు. “ఇప్పుడు నేను కొడితే ఆయన ఎవరని అడుగుతాడు. అది వినలేను.”

బస్సు వచ్చింది. నిచ్చెన పైన కట్టించుకుని ఎక్కాడు. బండ మీద ఆ నంబరు ఇంకా అలానే ఉంది. ఎవరైనా చేస్తే, ఈ నంబరు వాడుకలో లేదని అదే యంత్రపు గొంతు మూడు భాషల్లో చెబుతుంది.